ఆస్ట్రేలియా నర్సు రిజిస్ట్రేషన్‌కు సీవీ, కవర్ లెటర్ రాయడం: ఒక కర్నూలు ఐసీయూ నర్సు ఉదాహరణతో

మన వైపు నుంచి విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులు ఎక్కువగా ఇంగ్లిష్ పరీక్ష గురించే టెన్షన్ పడతారు. తీరా అది పాసయ్యాక కాగితాల దగ్గర ఆగిపోతారు. పదేళ్లు ఐసీయూలో పనిచేసిన మనిషి కూడా తన అనుభవాన్ని రెండు పేజీల్లో పెట్టమంటే ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా తెచ్చి పేరు మార్చి పంపుతుంది. కాగితం చూసే అధికారికి అందులో ఈ మనిషి కనిపించదు.

దేశాన్ని బట్టి నిబంధనలు మారతాయి కాబట్టి నేను ఆస్ట్రేలియా ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. అక్కడ నర్సుల రిజిస్ట్రేషన్‌ను నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ బోర్డు తరఫున ఆప్రా అనే సంస్థ చూస్తుంది. వెబ్‌సైట్‌లో దాని పేరు Ahpra అని కనిపిస్తుంది. సీవీ ఎలా ఉండాలో ఆ సంస్థే చెప్పింది. చదువు పూర్తయిన తేదీ నుంచి ఇప్పటిదాకా చేసిన పని వరుసగా ఉండాలి. మధ్యలో మూడు నెలలకు మించిన ఖాళీ ఎక్కడున్నా కారణం రాయాలి. చివర్లో సంతకం, తేదీ, ఇదంతా నిజమేనన్న ఒక వాక్యం ఉండాలి. కవర్ లెటర్‌ను రిజిస్ట్రేషన్ కోసం ప్రత్యేకంగా అడగరు. అయినా మన కాగితాలకు అది చాలా అవసరం, ఎందుకో కింద చెబుతాను.

ఉదాహరణకు ఒక నర్సును ఊహించుకుందాం. సొంతూరు నంద్యాల. బీఎస్సీ నర్సింగ్ 2017 సెప్టెంబరులో పూర్తయింది, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ 2018 జనవరిలో వచ్చింది. 2018 ఫిబ్రవరి నుంచి 2019 ఆగస్టు వరకు నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డు. తర్వాత కాన్పు. 2020 జూన్ నుంచి డిసెంబరు వరకు కర్నూలు పెద్దాసుపత్రిలో కాంట్రాక్టు మీద కోవిడ్ వార్డు. 2021 ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా కర్నూలులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 12 పడకల మెడికల్ ఐసీయూ.

మొదటి పని: తేదీల కాగితం

సీవీ టైపు చేయడం తర్వాత. ముందు ఒక తెల్లకాగితం మీద నిలువు గీతలు గీసి, ఒక్కో ఉద్యోగానికి మూడు తేదీలు పక్కపక్కన రాయండి. మీకు గుర్తున్న తేదీ, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో గానీ పీఎఫ్ పాస్‌బుక్‌లో గానీ కనిపించే తేదీ. ఈ మూడూ సరిపోలడం అరుదు. చాలాచోట్ల మొదటి రెండు మూడు నెలలు ట్రయినీ అని పెట్టుకుని ఆ తర్వాతే ఆర్డరు ఇస్తారు. మీరు చేరింది ఫిబ్రవరిలో, సర్టిఫికెట్‌లో ఉన్నది మే. అలాంటప్పుడు సీవీలో మీకు గుర్తున్న తేదీ పెడితే అధికారి దాన్ని పొరపాటుగా చూడరు, అనుమానంగా చూస్తారు. ఆసుపత్రి చేత సర్టిఫికెట్ సరిచేయించుకోండి, లేదా సర్టిఫికెట్‌లో ఉన్న తేదీనే సీవీలో పెట్టండి.

ఆసుపత్రి ఇచ్చే కాగితం కూడా మామూలు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అయితే చాలదు. మన దగ్గర అది ఎలా ఉంటుందో అందరికీ తెలుసు: ఫలానా ఆమె స్టాఫ్ నర్సుగా పనిచేసింది, నడవడిక బాగుంది, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. ఇందులో వార్డు లేదు, గంటలు లేవు. మీకు కావలసింది స్టేట్‌మెంట్ ఆఫ్ సర్వీస్. లెటర్‌హెడ్ మీద మీ హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఫుల్ టైమా పార్ట్ టైమా, వారానికి ఎన్ని గంటలు, ఏ వార్డు, అందులో ఎన్ని పడకలు, ఏం పని చేశారు, ఇవన్నీ ఉండాలి. సంతకం చేసిన నర్సింగ్ సూపరింటెండెంట్ పేరు, హోదా, ఆసుపత్రి ఫోను, ఆసుపత్రి ఈమెయిల్ ఉండాలి, ఎందుకంటే ఆప్రా వాళ్లు నేరుగా ఆరా తీయవచ్చు. హెచ్‌ఆర్ వాళ్లను ఇదంతా రాసి పెట్టమని అడిగితే పని ముందుకు కదలదు. మీరే డ్రాఫ్టు టైపు చేసి పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లండి, మేడమ్ చదివి మార్చాల్సినవి మార్చి లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి ఇస్తారు.

గంటల లెక్క ఎందుకంటే, గత ఐదేళ్లలో కనీసం 450 గంటలైనా నర్సింగ్ ప్రాక్టీసు ఉండాలన్నది అక్కడి బోర్డు నియమం. మన అమ్మాయి వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, అంటే 48 గంటలు చేస్తుంది. పది వారాలకే 480 అవుతాయి. రోజూ డ్యూటీ చేసేవాళ్లకు ఇదొక సమస్యే కాదు. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఆగినవాళ్లు మాత్రం ముందు ఈ లెక్క వేసుకుని ఆ తర్వాతే డబ్బు కట్టాలి.

ఖాళీలు దాచొద్దు

మన ఉదాహరణలో ఎన్ని ఖాళీలు కనిపిస్తున్నాయి? చాలామంది ఒక్కటే అంటారు, కాన్పుది. నిజానికి మూడు.

మొదటిది 2017 అక్టోబరు నుంచి 2018 జనవరి వరకు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాలేదు కాబట్టి అప్పటికి నేను నర్సునే కాదు కదా అని వదిలేస్తారు. కానీ లెక్క మొదలయ్యేది చదువు పూర్తయిన తేదీ నుంచి. నాలుగు నెలలు. సీవీలో ఒక వరుస చాలు: ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కోసం వేచి ఉన్నాను, ఏ ఉద్యోగమూ చేయలేదు.

రెండోది 2019 సెప్టెంబరు నుంచి 2020 మే వరకు, తొమ్మిది నెలలు, కాన్పు, బిడ్డ సంరక్షణ. దీనికి సంజాయిషీ ఇచ్చుకునే గొంతు వద్దు. కారణం రాసి వదిలేయండి. ఇంట్లో ఉన్నప్పుడు చేసిన ఆన్‌లైన్ కోర్సు ఏదైనా ఉంటే, దాని సర్టిఫికెట్ చేతిలో ఉంటే, అదే వరుసలో చేర్చండి. లేకపోతే వద్దు.

మూడోది 2021 జనవరి నుంచి మార్చి వరకు. కాంట్రాక్టు డిసెంబరు 31న అయిపోయింది, కొత్త ఉద్యోగం ఏప్రిల్ 1న. సరిగ్గా మూడు నెలలు, మించలేదు. నియమం ప్రకారం రాయకపోయినా తప్పు కాదు. నేనైతే రాయమంటాను. రోజుల లెక్కలో ఒకటి అటూ ఇటూ అయితే మళ్లీ ఉత్తరం వస్తుంది, ఆ ఉత్తరానికి జవాబిచ్చే లోపు వారాలు గడిచిపోతాయి.

ఖాళీని కప్పడానికి తెలిసిన నర్సింగ్ హోమ్ నుంచి సర్టిఫికెట్ తెచ్చి పెట్టమని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఖాళీ వల్ల దరఖాస్తు పోదు, అబద్ధం వల్ల పోతుంది. పైగా పోయేది ఒక్క దరఖాస్తు కాదు, మీ మాట మీద నమ్మకం.

అనుభవం రాయడం: మీ చేతులు చేసిన పని

అసలు కష్టం ఇక్కడే. ఐసీయూ నర్సును నీ పనేంటమ్మా అని అడిగితే, సాధారణంగా రాసుకొచ్చేది ఇది: రోగుల సంరక్షణ, మందులు ఇవ్వడం, వైటల్స్ చూడడం, డాక్టరుకు సహాయం, రికార్డులు. ఈ ఐదు మాటలు దేశంలో ఏ నర్సు సీవీలోనైనా ఉంటాయి. వీటిని చదివి మీకు వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని చూడడం వచ్చో రాదో ఎవరూ చెప్పలేరు.

ప్రతి ఉద్యోగం కిందా ముందు ఆ వార్డు బొమ్మ ఇవ్వండి, రెండు వాక్యాల్లో. 12 పడకల మెడికల్ ఐసీయూ, ఆరు వెంటిలేటర్లు, ఒక షిఫ్టులో నా చేతి కింద ఇద్దరు లేదా ముగ్గురు రోగులు, ఎక్కువగా వచ్చేవి సెప్సిస్, డయాబెటిక్ కీటోఅసిడోసిస్, పురుగుమందు విషప్రభావం, పాముకాటు. ఇంతే. చదివేవాళ్లకు మీరెక్కడ నిలబడి పనిచేశారో తెలిసిపోతుంది.

ఆ తర్వాత పనులు. వాటిని మూడు రకాలుగా విడదీయమంటాను: సొంతంగా చేసేవి, డాక్టరు ఆర్డరు మీద చేసేవి, డాక్టరు చేస్తుంటే సహకరించేవి. ఐవీ క్యాన్యులా పెట్టడం, యూరినరీ కెథెటర్, సక్షన్ మీరు చేస్తారు. నార్‌అడ్రినలిన్ ఇన్‌ఫ్యూజన్ ఆర్డరు మీద పంపులో పెట్టి, బీపీ చూస్తూ ఇచ్చిన పరిధిలో తగ్గిస్తారు, పెంచుతారు. ఇంట్యుబేషన్, సెంట్రల్ లైన్ డాక్టరు చేస్తారు, మీరు సామాను సిద్ధం చేసి పక్కన ఉంటారు. ఈ మూడో రకాన్ని మొదటి రకంలో కలిపి, ఇంట్యుబేషన్ చేశాను అన్న అర్థం వచ్చేలా రాసేవాళ్లున్నారు. గొప్పగా ఉంటుందనుకుంటారు. అక్కడ చదివేవాళ్లకు మాత్రం ఈమెకు తన పరిధి తెలియదేమో అనిపిస్తుంది.

ఇంకొకటి, ఒక్క కేసునైనా దగ్గర నుంచి చూపించండి. మన వైపు ఐసీయూల్లో పురుగుమందు తాగిన కేసులు రాని నెల ఉండదు. దాని మీద మన నర్సులకున్న అనుభవం నిజంగా పెద్దది, కానీ సీవీలో ఒక్క ముక్కగా మిగిలిపోతుంది: పాయిజనింగ్ కేసులు చూశాను. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి.

ఆర్గనోఫాస్ఫేట్ విషప్రభావంతో వచ్చిన రోగికి గ్లౌజులు, గౌను వేసుకుని బట్టలు తీసి, ఒళ్లు సబ్బునీళ్లతో కడిగించాను. నోటిలో, గొంతులో చేరిన స్రావాలు సక్షన్ చేశాను. డాక్టరు ఆర్డరు ప్రకారం అట్రోపిన్ ఇస్తూ, ప్రతి డోసు తర్వాత ఊపిరితిత్తుల శబ్దం, గుండె వేగం, బీపీ, కంటిపాప చూసి చార్టులో రాశాను. డోసు ఎక్కువైతే వచ్చే జ్వరం, తికమక మాటలు, పేగుల కదలిక ఆగిపోవడం గమనించి తెలియజేశాను. మొదటి నాలుగు రోజులు ప్రతి షిఫ్టులో రోగిని దిండు మీద నుంచి తల ఎత్తమని అడిగి, మెడ బలం తగ్గుతోందేమో చూశాను.

చివరి వాక్యం చూడండి. విషం మొదటి దెబ్బ తగ్గిందనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు బలహీనపడే దశ ఒకటి వస్తుంది. అంతదాకా బాగానే మాట్లాడిన మనిషి తల ఎత్తలేకపోతే, అది శ్వాస ఆగబోతోందన్న ముందస్తు గుర్తు. మంచం పక్కన ఎనిమిది గంటలుండే నర్సే దాన్ని ముందు పట్టుకుంటుంది. ఈ ఒక్క వాక్యం రాసినామె పుస్తకం చూసి రాయలేదని ఏ దేశంలో చదివినా అర్థమవుతుంది. మీది పిల్లల వార్డు అయితే, డయాలసిస్ అయితే, లేబర్ రూమ్ అయితే, మీకూ ఇలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. అది వెతికి పట్టుకోండి. రోగి పేరు, ఊరు, తేదీ మాత్రం ఎక్కడా రానివ్వొద్దు. మనది చిన్న ఊరు, ఒక్క వివరంతో మనిషి తెలిసిపోతాడు.

ఆస్ట్రేలియా బోర్డుకు రిజిస్టర్డ్ నర్సుల ప్రమాణాలు ఏడున్నాయి, 2016 నుంచి అమల్లో ఉన్నాయి. ఆలోచించి పని చేయడం, రోగితో వృత్తిపరమైన సంబంధం, నైపుణ్యం నిలుపుకోవడం, పరిశీలన, ప్రణాళిక, సురక్షితమైన సేవ, ఫలితం చూసుకోవడం. వాటి పేర్లు సీవీలో గుమ్మరించనక్కర్లేదు. పైన రాసిన పేరాను మళ్లీ చదివితే పరిశీలన, సేవ, ఫలితం చూసుకోవడం మూడూ అందులోనే ఉన్నాయి.

ఇక్కడే మాటల సంగతి కూడా. మన వార్డుల్లో వాడే కొన్ని మాటలు అక్కడ నడవవు. క్యాజువాలిటీ బదులు ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్ అనాలి. రైల్స్ ట్యూబ్ బదులు నేసోగ్యాస్ట్రిక్ ట్యూబ్, జీఆర్‌బీఎస్ బదులు బ్లడ్ గ్లూకోజ్, టీపీఆర్ చార్టు బదులు అబ్జర్వేషన్ చార్టు. ఇన్‌చార్జి సిస్టర్ అన్న హోదా మీకుంటే షిఫ్టులో ఎంతమంది నర్సులను, ఎన్ని పడకలను చూశారో రాయండి, లేకపోతే ఆ మాటకు అర్థం ఉండదు. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఎలా ఇస్తారో కూడా ఒక వాక్యం రాయండి. అక్కడ ఐస్‌బార్ అనే వరుసలో ఇస్తారు: ఎవరు, ఏం జరుగుతోంది, వెనక కథ, ఇప్పటి పరిస్థితి, ఏం చేయాలి. మీరు ఇప్పటికే ఆ పద్ధతిలో ఇస్తుంటేనే ఆ పేరు వాడండి.

ట్రైనింగ్‌లు

వీటికి ఎక్కువ చోటు ఇవ్వొద్దు. కోర్సు పేరు, ఇచ్చిన సంస్థ, తేదీ, గంటలు, ఎప్పటిదాకా చెల్లుతుంది. బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కార్డులు రెండేళ్లే చెల్లుతాయి, గడువు తీరిన కార్డును ఇప్పటిదన్నట్టు పెట్టడం చాలా దరఖాస్తుల్లో చూస్తాను. ఆసుపత్రిలో జరిగే ఇన్‌సర్వీస్ క్లాసులకు మన దగ్గర సర్టిఫికెట్ ఇవ్వరు, రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు. సంవత్సరం చివర నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడిగి, హాజరైన క్లాసులు, గంటలు ఒక లెటర్‌హెడ్ మీద తీసుకోండి. అక్కడ రిజిస్ట్రేషన్ వచ్చాక ఏటా 20 గంటల అభ్యసనం చూపించాల్సి ఉంటుంది, ఆ అలవాటు ఇప్పుడే ఉందని ఇది చూపిస్తుంది.

ఒక ట్రైనింగ్‌ను మాత్రం పనితో కలిపి రాయండి. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ క్లాసు విన్నాను అనేదానికంటే, ఆ క్లాసు తర్వాత మా ఐసీయూలో సెంట్రల్ లైన్ ఉన్న ప్రతి రోగికీ షిఫ్టుకోసారి డ్రెస్సింగ్ చూసి చెక్‌లిస్టులో సంతకం పెట్టే పని నాది అనేది ఎక్కువ చెబుతుంది.

కవర్ లెటర్: కాగితాల మధ్య తేడాలకు జవాబు

చాలామంది కవర్ లెటర్‌లో చిన్నప్పటి నుంచి సేవ చేయాలన్న కోరిక గురించి రాస్తారు. రిజిస్ట్రేషన్ అధికారికి దానితో పని లేదు. ఆయన ముందు మీ కాగితాలు ఒక కుప్పగా ఉన్నాయి, అవన్నీ ఒకే మనిషివి అని తేలాలి. మన రాయలసీమ కాగితాల్లో అది అంత తేలిక కాదు.

పేరు చూడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఒక్కోసారి ఒకే అక్షరంగా. పాస్‌పోర్టులో విడదీసి పూర్తిగా. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. జిల్లా చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. మన నర్సు మొదటి ఆసుపత్రి పాత సర్టిఫికెట్‌లో కర్నూలు జిల్లా నంద్యాల అని ఉంటుంది, కొత్తగా తీసుకున్న స్టేట్‌మెంట్‌లో నంద్యాల జిల్లా అని ఉంటుంది. హిందూపురం, కదిరి వాళ్లకు అనంతపురం, శ్రీ సత్యసాయి, రాయచోటి వాళ్లకు కడప, అన్నమయ్య ఇలాగే. యూనివర్సిటీ పేరైతే రెండుసార్లు మారింది. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వైఎస్సార్ పేరుకు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు మారింది. 2017 డిగ్రీ మీద ఒక పేరు, 2023లో తెప్పించుకున్న ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఇంకో పేరు. ఇదంతా మనకు తెలిసిన కథ. మెల్‌బోర్న్‌లో కూర్చున్నవాళ్లకు ఇది రెండు యూనివర్సిటీలు, రెండు జిల్లాలు, ఇద్దరు మనుషులు.

అందుకే లెటర్ ఒక్క పేజీలో, నాలుగు పేరాల్లో సాగాలి. రాసేది ఇంగ్లిష్‌లోనే, విషయం మాత్రం ఇలా ఉంటుంది.

మొదటి పేరా: నేను రిజిస్టర్డ్ నర్సుగా నమోదు కోసం దరఖాస్తు చేస్తున్నాను. దరఖాస్తు నంబరు ఇది. 2018 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదై ఉన్నాను.

రెండో పేరా: మూడు ఉద్యోగాల్లో పనిచేశాను, ప్రస్తుతం 12 పడకల మెడికల్ ఐసీయూలో వారానికి 48 గంటలు పనిచేస్తున్నాను. వెంటిలేటర్ రోగుల సంరక్షణ, ఇన్‌ఫ్యూజన్ పంపులతో మందులు, విషప్రభావం, పాముకాటు కేసుల పర్యవేక్షణ నా రోజువారీ పని. వివరాలు సీవీ రెండో పేజీలో ఉన్నాయి.

మూడో పేరా, అసలైనది: నా డిగ్రీపైనా ట్రాన్స్‌క్రిప్ట్‌పైనా ఉన్న రెండు పేర్లు ఒకే విశ్వవిద్యాలయానివి, 2022లో, 2024లో ప్రభుత్వం పేరు మార్చింది. నంద్యాల 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో ఉండేది, ఆసుపత్రి అదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, అఫిడవిట్ జతచేశాను. సీవీలో చూపిన మూడు ఖాళీలకు కారణాలు అక్కడే ఉన్నాయి.

నాలుగో పేరా: జతచేసిన కాగితాల జాబితా, ఆ సర్టిఫికెట్లు ఇచ్చినవాళ్లను సంప్రదించడానికి అంగీకారం, పేరు, సంతకం.

ఇదే లెటర్‌ను అక్కడి ఆసుపత్రికి ఉద్యోగం కోసం పంపేటప్పుడు మూడో పేరా మొత్తం తీసేయండి. వాళ్లకు అది అక్కర్లేదు. ఆ స్థానంలో వాళ్ల ప్రకటనలో అడిగిన నైపుణ్యాల్లో మీకు నిజంగా ఉన్న రెండింటిని తీసుకుని, ఒక్కోదానికి మీ వార్డు నుంచి ఒక ఉదాహరణ రాయండి.

పంపే ముందు

సీవీ, స్టేట్‌మెంట్లు, కౌన్సిల్ సర్టిఫికెట్, లెటర్ నాలుగూ ప్రింటు తీసి నేల మీద పరచండి. మీ వార్డు సంగతి తెలియని ఒకరిని, తమ్ముడైనా సరే, ప్రతి తేదీనీ గట్టిగా చదవమనండి. ఒక కాగితంలో 12 పడకలు, ఇంకోదాంట్లో 14 ఉంటే అప్పుడు దొరుకుతుంది. కౌన్సిల్ నుంచి వెళ్లాల్సిన గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ నేరుగా ఆప్రాకే వెళ్లాలి కాబట్టి దానికి ముందే దరఖాస్తు పెట్టుకోండి, మీ పేరు అక్కడ ఏ స్పెల్లింగ్‌తో ఉందో చూసి అదే లెటర్‌లో వాడండి.

సీవీ చివర ఈ వాక్యం అక్షరం మారకుండా టైపు చేసి, దాని పక్కన ఆ రోజు తేదీ వేయండి:

```
This curriculum vitae is true and correct as at
```

కింద పెన్నుతో సంతకం చేయాలి, సంతకం బొమ్మ అతికించకూడదు. సీవీ సిద్ధం చేసి దరఖాస్తు ఆలస్యమై ఆ లోపు వార్డు మారినా, ఆసుపత్రి మారినా, పాత దాని మీద తేదీ దిద్ది పంపొద్దు. కొత్త వరుస చేర్చి, మళ్లీ ప్రింటు తీసి, మళ్లీ సంతకం పెట్టండి.